పథ భేదం వేరు, దశా భేదం వేరు: వ్యతికరణం ప్రశ్నల్లో జవాబు తలకిందులయ్యేది ఎక్కడ?

ఇంటర్ ఫిజిక్స్‌లోనూ, ఎంట్రన్స్ పరీక్షల్లోనూ తరచూ కనిపించే రకం ప్రశ్న ఒకటి తీసుకుందాం. రెండు స్పీకర్లు ఒకే 680 హెర్ట్జ్ ధ్వనిని వినిపిస్తున్నాయి. గాలిలో ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు. శ్రోత మొదటి స్పీకర్‌కు 4 మీటర్ల దూరంలో, రెండోదానికి 5.25 మీటర్ల దూరంలో ఉన్నాడు. రెండు స్పీకర్లూ వ్యతిరేక దశలో మోగుతున్నాయి. శ్రోత ఉన్న చోట సంపోషక వ్యతికరణం జరుగుతుందా, వినాశక వ్యతికరణమా?

చాలామంది చేసే లెక్క ఇలా సాగుతుంది. తరంగదైర్ఘ్యం 340ని 680తో భాగిస్తే 0.5 మీటర్లు. పథ భేదం 5.25 నుంచి 4 తీసేస్తే 1.25 మీటర్లు, అంటే రెండున్నర తరంగదైర్ఘ్యాలు. సగం మిగిలింది కాబట్టి వినాశకం. వెంటనే ఆ ఆప్షన్ టిక్ చేసేస్తారు.

ఇందులో కూడికలూ తీసివేతలూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. వాడిన సూత్రం కూడా పాఠ్యపుస్తకంలో ఉన్నదే. అయినా జవాబు తప్పు. అక్కడ జరిగేది సంపోషక వ్యతికరణం. పథ భేదం చూసి నేరుగా తీర్పు ఇచ్చేశారు కాబట్టి ఈ తేడా వచ్చింది. తీర్పు చెప్పాల్సింది దశా భేదం. దశా భేదం మొత్తానికి పథ భేదం ఒక్కటే కారణం అనుకోవడం దగ్గరే ఈ చాప్టర్‌లోని తప్పుల్లో ఎక్కువ భాగం పుడతాయి.

రెండు తేడాలు, రెండు కొలతలు

పథ భేదం అంటే దూరంలో తేడా. రెండు జనకాల నుంచి బయలుదేరిన తరంగాలు ఒక బిందువును చేరడానికి ఎంతెంత దూరం నడిచాయో చూసి, ఆ రెండు దూరాల మధ్య తేడా తీసుకుంటే వచ్చేది ఇదే. దీన్ని మీటర్లలోనో, నానోమీటర్లలోనో, లేదా తరంగదైర్ఘ్యం λ లెక్కనో చెబుతాం.

దశ అంటే తరంగం తన డోలనంలో ప్రస్తుతం ఏ ఘట్టంలో ఉందన్నది. శృంగం మీద ఉందా, ద్రోణిలో ఉందా, మధ్యలో పైకి లేస్తోందా, కిందికి దిగుతోందా అన్నదాన్ని కోణంగా చెబుతాం. ఒక పూర్తి డోలనానికి 2π రేడియన్లు. రెండు తరంగాలు ఒకే బిందువుకు, ఒకే క్షణంలో చేరినప్పుడు వాటి దశల మధ్య ఉన్న తేడాయే దశా భేదం.

కవాతు చేస్తున్న ఇద్దరిని ఊహించుకోండి. ఇద్దరి అడుగులూ ఒకే పొడవు, ఒకే వేగం. ఒకరు పది అడుగులు, ఇంకొకరు పన్నెండు అడుగులు నడిచి ఒకే గీత దగ్గరకు చేరారు. దూరంలో తేడా రెండు అడుగులు. ఇద్దరూ ఎడమ కాలితోనే మొదలుపెట్టి ఉంటే గీత దగ్గర ఇద్దరిదీ ఒకే కాలు పడుతుంది. ఒకరు ఎడమ కాలితో, ఇంకొకరు కుడి కాలితో మొదలుపెట్టి ఉంటే వేర్వేరు కాళ్ళు పడతాయి. దూరంలో తేడా మాత్రం అదే రెండు అడుగులు. గీత దగ్గర ఏ కాలు పడుతుందో చెప్పాలంటే నడిచిన దూరం తెలిస్తే చాలదు, ఏ కాలితో మొదలుపెట్టారో కూడా తెలియాలి.

దారి వల్ల వచ్చే దశా భేదాన్ని లెక్కగట్టే సూత్రం అందరికీ తెలిసిందే: Δφ = (2π/λ) × Δx. ఒక λ దూరానికి 2π, సగం λకు π, పావు λకు π/2. ఈ సూత్రం చెప్పేది దారి వల్ల వచ్చిన దశా భేదాన్ని మాత్రమే. మొదట్లోనే ఉన్న తేడా గురించి గానీ, మధ్యలో పరావర్తనం వల్ల వచ్చిన మార్పు గురించి గానీ ఇది ఏమీ చెప్పదు.

'nλ అయితే సంపోషకం' అన్న సూత్రం ఎక్కడిది?

ఈ సూత్రం విద్యార్థికి పరిచయమయ్యేది యంగ్ జంట చీలికల ప్రయోగం ద్వారా. ఒకే జనకం నుంచి వచ్చిన కాంతి రెండు చీలికల మీద పడుతుంది. రెండు చీలికలూ ఆ జనకానికి సమాన దూరంలో ఉంటాయి. అందువల్ల చీలికల దగ్గర తరంగాలు ఒకే దశలో బయలుదేరతాయి. అక్కడి నుంచి తెర దాకా రెండూ గాలిలోనే ప్రయాణిస్తాయి, దారిలో ఏ అద్దానికీ తగిలి వెనక్కి రావు. అంటే మొదటి దశా భేదం సున్నా, పరావర్తనం వల్ల వచ్చే మార్పు కూడా సున్నా. మిగిలింది దారి ఒక్కటే.

అందుకే అక్కడ పథ భేదం nλ అయితే వెలుగు పట్టీ, (2n+1)λ/2 అయితే చీకటి పట్టీ అని ధైర్యంగా చెప్పగలం. అసలు నియమం మాత్రం దశా భేదానికి సంబంధించింది. మొత్తం దశా భేదం 0, 2π, 4π, 6π... అయితే సంపోషకం. π, 3π, 5π... అయితే వినాశకం. ఇది ధ్వనికీ, కాంతికీ, నీటి అలలకూ, రేడియో తరంగాలకూ మారదు. పథ భేదం మీద చెప్పిన నియమం దీనికి ఒక ప్రత్యేక సందర్భం. ఆ సందర్భానికి పెట్టుకున్న షరతులు మాట వరసకైనా గుర్తు చేయకుండా సూత్రం ఒక్కటే బోర్డు మీద పెట్టె కట్టి రాస్తే, విద్యార్థికి అదే అసలు నియమంగా మిగిలిపోతుంది.

కాబట్టి ప్రతి ప్రశ్నలోనూ రాసుకోవాల్సిన లెక్క ఇది:

మొత్తం దశా భేదం = దారి వల్ల వచ్చింది + జనకాల దగ్గర మొదటి నుంచే ఉన్నది + పరావర్తనం వల్ల వచ్చింది

మనం మొదట తీసుకున్న స్పీకర్ల ప్రశ్నలో దారి వల్ల వచ్చింది 2.5 × 2π, అంటే 5π. వ్యతిరేక దశ అన్నారు కాబట్టి మొదటి నుంచి ఉన్నది π. పరావర్తనం ఏమీ లేదు. మొత్తం 6π. ఇది 2πకి పూర్ణ గుణిజం, కాబట్టి సంపోషకం.

వ్యతిరేక దశ అనేది ప్రశ్నపత్రం కోసం కల్పించిన పరిస్థితి కాదు. స్టీరియో సెట్‌లో ఒక స్పీకర్‌కు ఎర్ర తీగ, నల్ల తీగ తారుమారుగా తగిలిస్తే సరిగ్గా ఇదే జరుగుతుంది. ఒక కోన్ బయటికి నెడుతున్నప్పుడు రెండోది లోపలికి లాగుతుంది. రెండింటికీ సమాన దూరంలో కూర్చున్న మనిషికి పథ భేదం సున్నా, కానీ దశా భేదం π. అందుకే అలాంటి చోట బేస్ బాగా పల్చబడి వినిపిస్తుంది. తీగలు సరిచేయగానే అదే కుర్చీలో బేస్ తిరిగి వస్తుంది. మనిషి కదల్లేదు, స్పీకర్లు కదల్లేదు, పథ భేదం మారలేదు. మారింది దశ ఒక్కటే.

ఇక్కడ ఒక పరిమితి కూడా చెప్పుకోవాలి. వినాశకం అంటే పూర్తి నిశ్శబ్దం అని అర్థం కాదు. రెండు తరంగాల కంపన పరిమితులు సమానమైతేనే పూర్తిగా రద్దవుతాయి. 4 మీటర్ల నుంచి వచ్చే ధ్వని, 5.25 మీటర్ల నుంచి వచ్చేదానికంటే బలంగా ఉంటుంది. ఆరుబయట, గోడల ప్రతిధ్వని లేని చోట, దూరం పెరిగేకొద్దీ కంపన పరిమితి విలోమంగా తగ్గుతుందనుకుంటే వీటి నిష్పత్తి 1.31 దగ్గర ఉంటుంది. అప్పుడు గరిష్ఠ తీవ్రత కనిష్ఠ తీవ్రతకు సుమారు 55 రెట్లు. తేడా పెద్దదే, కానీ కనిష్ఠం సున్నా కాదు. ఆప్షన్లలో 'తీవ్రత సున్నా', 'తీవ్రత కనిష్ఠం' రెండూ ఉంటే ఈ విషయం చూసుకోవాలి.

తప్పు సూత్రానికి సరైన జవాబు వచ్చినప్పుడు

పథ భేదాన్ని దశా భేదంగా మార్చిన తర్వాత కూడా ఒక గుంట ఉంది. రెండు సమాన తరంగాలు కలిసినప్పుడు ఫలిత తీవ్రత I = Imax cos²(φ/2). ఇక్కడ φ అంటే దశా భేదం, కానీ కొసైన్ లోపల ఉన్నది అందులో సగం. ఈ సగాన్ని మరిచిపోయి cos²φ అని రాసేవాళ్ళు ఎక్కువ.

పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఒక ప్రసిద్ధమైన అభ్యాసం ఉంది. పథ భేదం λ ఉన్న చోట తీవ్రత K అయితే, λ/3 ఉన్న చోట ఎంత? సరైన దారిలో వెళ్తే λ/3కి దశా భేదం 2π/3. దానిలో సగం π/3. cos(π/3) విలువ 1/2, వర్గం చేస్తే 1/4. జవాబు K/4.

ఇప్పుడు సగం చేయడం మరిచిపోయి చూడండి. cos(2π/3) విలువ −1/2. వర్గం చేస్తే అదీ 1/4. జవాబు మళ్ళీ K/4! తప్పు సూత్రం వాడిన విద్యార్థి పుస్తకం వెనక జవాబుతో సరిచూసుకుని, తన పద్ధతి సరైనదేనని నమ్మేస్తాడు. అభ్యాసంలో ఇంత చక్కగా ప్రోత్సాహం దొరికిన తప్పు పరీక్ష దాకా అలాగే వెళ్తుంది.

దాన్ని బయటపెట్టాలంటే λ/3 బదులు λ/4 తీసుకోవాలి. దశా భేదం π/2. సరైన సూత్రంతో cos²(π/4), అంటే గరిష్ఠంలో సగం. తప్పు సూత్రంతో cos²(π/2), అంటే సున్నా. పావు తరంగదైర్ఘ్యం పథ భేదం దగ్గర వినాశక వ్యతికరణం అన్న ఆప్షన్ ఎంచుకునేవాళ్ళు ఇక్కడి నుంచే వస్తారు. λ/6 అయితే సరైనది మూడొంతులు, అంటే 3/4. తప్పు సూత్రం చెప్పేది 1/4.

సులువుగా పట్టుకునే పద్ధతి ఒకటుంది. పథ భేదం λ/2 అయితే చీకటి రావాలని అందరికీ తెలుసు. ఏ సూత్రం వాడుతున్నారో అందులో φ = π పెట్టి చూడండి. cos²(π/2) సున్నా, సరిపోయింది. cos²π మాత్రం 1, అంటే వెలుగు అంటోంది. సూత్రం గుర్తుందో లేదో అన్న అనుమానం వచ్చినప్పుడు ఈ ఒక్క పరీక్ష చాలు.

ముందా, వెనకా: గుర్తు మరిచిపోతే

వ్యతిరేక దశ ఉన్న ప్రశ్నల్లో πని కలిపినా, తీసేసినా ఫలితం ఒక్కటే. 5π + π అయినా 5π − π అయినా సరి గుణిజమే వస్తుంది. అందుకే గుర్తు గురించి ఎవరూ పట్టించుకోరు. మొదటి దశా భేదం π/2 అయినప్పుడు ఈ నిర్లక్ష్యం దెబ్బతీస్తుంది.

రెండు యాంటెన్నాలు తూర్పు పడమరలుగా, పావు తరంగదైర్ఘ్యం దూరంలో ఉన్నాయి. పడమర వైపున్నది A, తూర్పు వైపున్నది B. B నుంచి వెలువడే తరంగం A కంటే π/2 వెనకబడి ఉంటుంది. దూరంగా తూర్పున ఉన్న శ్రోతకు సిగ్నల్ ఎలా అందుతుంది? పడమరన ఉన్న శ్రోతకు?

రెండు దిక్కుల్లోనూ పథ భేదం λ/4 మాత్రమే. పథ భేదం ఒక్కటే చూసేవారు రెండు చోట్లా ఒకే తీవ్రత అంటారు. దానికి π/2 గుడ్డిగా కలిపేవారు రెండు చోట్లా π వచ్చింది, రెండూ వినాశకమే అంటారు. రెండు జవాబులూ తప్పే.

తూర్పు వైపు చూద్దాం. అటు వెళ్ళే A తరంగం λ/4 ఎక్కువ దూరం నడవాలి, కాబట్టి దారి వల్ల π/2 వెనకబడుతుంది. B అసలే π/2 వెనక బయలుదేరింది. ఇద్దరూ సమానంగా వెనకబడ్డారు కాబట్టి మొత్తం దశా భేదం సున్నా. తూర్పున సంపోషకం. ఇప్పుడు పడమర. ఈసారి ఎక్కువ దూరం నడవాల్సింది B. అది మొదట్లో π/2 వెనకబడింది, దారి వల్ల ఇంకో π/2 వెనకబడింది. మొత్తం π. పడమరన వినాశకం.

రేడియో ప్రసార కేంద్రాలు సిగ్నల్‌ను ఒక దిక్కుకు ఎక్కువగా, ఇంకో దిక్కుకు తక్కువగా పంపడానికి వాడే పద్ధతికి మూలం ఇదే. పరీక్షలో గుర్తుంచుకోవాల్సింది ఒకటి: ఎక్కువ దూరం నడిచిన తరంగం ఆ మేరకు వెనకబడుతుంది. ఏ తరంగం ఎంత వెనకబడిందో రెండింటికీ విడివిడిగా రాసి, చివర్లో తేడా తీసుకుంటే గుర్తు తప్పే అవకాశం ఉండదు.

పరావర్తనం తెచ్చే అదనపు π

పరావర్తనం ఉన్న ప్రశ్నల్లో గందరగోళం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ అదనపు దశను ప్రశ్నపత్రం చెప్పదు. స్పీకర్ల ప్రశ్నలో 'వ్యతిరేక దశ' అన్న మాటైనా ఉంటుంది. సబ్బు పొర ప్రశ్నలో వక్రీభవన గుణకం ఒక్కటి ఇచ్చి ఊరుకుంటారు. దాన్ని బట్టి మనమే గ్రహించాలి.

నియమం ఇది. కాంతి తక్కువ వక్రీభవన గుణకం ఉన్న యానకం నుంచి వస్తూ, ఎక్కువ గుణకం ఉన్న యానకం ఉపరితలం మీద పరావర్తనం చెందితే దాని దశ π మేర మారుతుంది. ఎక్కువ నుంచి వస్తూ తక్కువ మీద పరావర్తనం చెందితే మార్పు లేదు. గోడకు కట్టిన తాడులో పంపిన కుదుపు తలకిందులై తిరిగి రావడం మొదటి రకం. పొరను దాటి అవతలికి వెళ్ళిన కాంతికి ఎప్పుడూ దశ మార్పు ఉండదు.

దీనికి ఒక పాత ప్రయోగం మంచి సాక్ష్యం. 1834లో హంఫ్రీ లాయిడ్ ఒకే చీలికతో, దాని పక్కన పరిచిన అద్దంతో వ్యతికరణ పట్టీలు చూపించాడు. నేరుగా తెరకు చేరే కాంతి ఒకటి, అద్దం మీద పడి చేరే కాంతి మరొకటి. జ్యామితి అంతా యంగ్ ప్రయోగం లాంటిదే. తెరను అద్దం అంచుకు తగిలేదాకా జరిపితే ఆ అంచు దగ్గర పథ భేదం సున్నా. అయినా అక్కడ కనిపించేది చీకటి పట్టీ. పరావర్తనం చెందిన తరంగం దారిలో π మార్పు తెచ్చుకుందని ఇంతకంటే స్పష్టంగా చూపడం కష్టం.

ఇప్పుడు ఒక ప్రశ్నను వివరంగా చేద్దాం. గాలిలో నిలిపిన సబ్బు పొర మందం 100 నానోమీటర్లు, వక్రీభవన గుణకం 1.33. దాని మీద 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ కాంతి లంబంగా పడుతోంది. పరావర్తనం చెందిన కాంతిలో పొర ప్రకాశవంతంగా కనిపిస్తుందా, చీకటిగానా?

ముందు దారి. పొర వెనక ఉపరితలం నుంచి వచ్చే కాంతి పొరలోకి వెళ్ళి తిరిగి రావాలి, అంటే అదనంగా 200 నానోమీటర్లు. ఈ దూరం పొర లోపల నడిచింది, కాబట్టి పోల్చాల్సింది పొర లోపలి తరంగదైర్ఘ్యంతో. 532ని 1.33తో భాగిస్తే 400 నానోమీటర్లు. 200 అంటే అందులో సగం. దారి వల్ల వచ్చిన దశా భేదం π. ఇక్కడ గాలిలోని 532తో భాగించినవాళ్ళకు 0.376 అనే వింత భిన్నం వస్తుంది, అది సంపోషకమూ కాదు, వినాశకమూ కాదు. శుభ్రమైన అంకెలు ఇచ్చిన ప్రశ్నలో ఇలాంటి భిన్నం వస్తే తరంగదైర్ఘ్యం ఏ యానకంలోదో మళ్ళీ చూసుకోవాలి.

తర్వాత పరావర్తనం. ముందు ఉపరితలం దగ్గర కాంతి గాలి నుంచి సబ్బు నీటి మీద పడుతోంది, తక్కువ నుంచి ఎక్కువకు. కాబట్టి π మార్పు. వెనక ఉపరితలం దగ్గర సబ్బు నీటి నుంచి గాలి మీద పడుతోంది, మార్పు లేదు. పరావర్తనాల వల్ల వచ్చిన తేడా π.

మొత్తం π + π = 2π. సంపోషకం. పొర ప్రకాశవంతంగా కనిపిస్తుంది. దారి దగ్గరే ఆగిపోయినవారు 'సగం తరంగదైర్ఘ్యం, వినాశకం' అని చీకటి ఆప్షన్ ఎంచుకుంటారు.

అదే 100 నానోమీటర్ల మందం, అదే 1.33 గుణకం ఉన్న పొరను 1.5 గుణకం ఉన్న గాజు పలక మీద పరచండి. దారి మారలేదు, ఇంకా π. ముందు ఉపరితలం దగ్గర π మార్పు ఉంది. ఇప్పుడు వెనక ఉపరితలం దగ్గర కూడా 1.33 నుంచి 1.5 మీద పడుతోంది కాబట్టి అక్కడా π మార్పు. రెండు తరంగాలూ ఒకే మార్పు తెచ్చుకున్నాయి కాబట్టి వాటి మధ్య తేడా సున్నా. మొత్తం దశా భేదం π. పరావర్తనం కనిష్ఠం. కెమెరా కటకాల మీదా, కళ్ళద్దాల మీదా వేసే మెరుపు తగ్గించే పూత పనిచేసేది ఈ సూత్రం మీదే. పొర ఒక్కటే, పథ భేదం ఒక్కటే, వెనక ఉన్న యానకం మారేసరికి జవాబు తిరగబడింది.

సబ్బు పొర లెక్క సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి రెండు ఆధారాలున్నాయి. ఒకటి, మందం సున్నాకు చేరువైతే ఏమవుతుందో చూడటం. దారి వల్ల ఏమీ రాదు, మిగిలేది పరావర్తనం తెచ్చిన π ఒక్కటే. కాబట్టి బాగా పలచబడిన సబ్బు పొర నల్లగా కనిపించాలి. నిజంగానే బుడగ పగిలే ముందు దాని పైభాగం నల్లబడటం చూడొచ్చు. రెండోది శక్తి నిత్యత్వం. పరావర్తనంలో గరిష్ఠం అయితే అవతలికి ప్రసారమైన కాంతిలో కనిష్ఠం కావాలి. ప్రసారమయ్యే కాంతిలో ఒకటి నేరుగా వెళ్తుంది, మరొకటి పొర లోపలే రెండుసార్లు గాలి అంచున పరావర్తనం చెంది వెళ్తుంది, ఆ రెండుసార్లూ దశ మార్పు ఉండదు. మిగిలింది దారి వల్ల వచ్చిన π, అంటే కనిష్ఠం. రెండు లెక్కలూ పొసిగాయి.

ఈ అదనపు π నిజమేనా, లెక్క సరిపెట్టుకోవడానికి తెచ్చిందా అన్న సందేహం విద్యార్థికి వస్తే దాన్ని కొట్టిపారేయకూడదు. థామస్ యంగ్ దాన్ని ప్రయోగంతోనే తేల్చాడు. న్యూటన్ వలయాల్లో కటకం, పలక తాకే చోట పథ భేదం సున్నా, కానీ పరావర్తన కాంతిలో మధ్య చుక్క నల్లగా ఉంటుంది. యంగ్ క్రౌన్ గాజు కటకాన్నీ, ఫ్లింట్ గాజు పలకనూ తీసుకుని వాటి మధ్య ససాఫ్రాస్ నూనె నింపాడు. ఆ నూనె గుణకం క్రౌన్ గాజు కంటే ఎక్కువ, ఫ్లింట్ గాజు కంటే తక్కువ. అప్పుడు రెండు ఉపరితలాల దగ్గరా కాంతి తక్కువ నుంచి ఎక్కువ మీదే పడుతుంది, రెండు చోట్లా π మార్పు వచ్చి తేడా రద్దవుతుంది. మధ్య చుక్క తెల్లగా మారింది. తాకే చోటు అదే, పథ భేదం అదే సున్నా.

పట్టికా, మొత్తం లెక్కా?

ఈ ప్రశ్నలు నేర్పడంలో రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఒక పద్ధతిలో పట్టిక కంఠస్థం చేయిస్తారు. పరావర్తనాల్లో ఒక్కచోటే దశ మారితే షరతులు తారుమారు, రెండు చోట్లా మారితే లేదా ఎక్కడా మారకపోతే షరతులు మామూలే. పరీక్ష హాల్లో టైమ్ తక్కువగా ఉన్నప్పుడు ఇది నిజంగా పనికొస్తుంది. పలుచని పొరల ప్రశ్నల్లో దాదాపు ఎప్పుడూ సరైన జవాబే ఇస్తుంది కూడా.

రెండో పద్ధతి మనం ఇందాకటి నుంచి చేస్తున్నది. మూడు భాగాలూ రాసి కూడటం. ఒకటి రెండు లైన్లు ఎక్కువ పడుతుంది. కానీ యాంటెన్నాల ప్రశ్నలో పట్టిక ఏమీ చేయలేదు, ఎందుకంటే అక్కడి తేడా π కాదు, π/2. తీవ్రత ఎంత అని అడిగినా పట్టిక చేతులెత్తేస్తుంది, ఎందుకంటే దానికి తెలిసింది వెలుగూ చీకటీ మాత్రమే. మొత్తం లెక్క నేర్చుకున్న తర్వాత పట్టికను షార్ట్‌కట్‌గా వాడుకోవడంలో తప్పు లేదు. ముందే పట్టికతో మొదలుపెట్టినవారికి అది ఎక్కడ పనిచేయదో తెలిసే దారి ఉండదన్నది నా అభిప్రాయం.

పుస్తకాల మధ్య కనిపించే మరో తేడా కూడా చాలామందికి టెన్షన్ పెడుతుంది. వక్రీభవన గుణకం μ, మందం t, గాలిలోని తరంగదైర్ఘ్యం λ అనుకుంటే, గాలిలో ఉన్న పొర ప్రకాశవంతంగా కనిపించడానికి ఒక పుస్తకం 2μt + λ/2 = nλ అంటుంది, ఇంకోటి 2μt − λ/2 = nλ అంటుంది. ఒకచోట వెలుగుకు షరతు (2n+1)λ/2, మరోచోట (2n−1)λ/2. ఇందులో ఏది తప్పు అని అడుగుతారు. ఏదీ తప్పు కాదు. λ/2 కలపడానికీ తీసేయడానికీ మధ్య తేడా సరిగ్గా ఒక λ, అంటే 2π దశ. అది వెలుగును చీకటిగా మార్చదు. మారేది n ఎక్కడ మొదలవుతుందన్నది ఒక్కటే.

కనిష్ఠ మందం ఎంత అని అడిగినప్పుడు మాత్రం దీన్ని పట్టించుకోవాలి. మన సబ్బు పొరకే చూద్దాం. కలిపే రూపంలో n = 0 పెడితే మందం రుణ విలువ వస్తుంది, అది అర్థం లేనిది. కాబట్టి అక్కడ n = 1 నుంచి మొదలు: 2μt = λ/2. తీసేసే రూపంలో n = 0 పెడితేనే 2μt = λ/2 వస్తుంది. అక్కడ పొరపాటున n = 1 నుంచి మొదలుపెట్టినవారికి 2μt = 3λ/2 వచ్చి, మందం 300 నానోమీటర్లు అని తేలుతుంది. ఆ మందం దగ్గర కూడా పొర ప్రకాశవంతంగానే ఉంటుంది, కానీ అది కనిష్ఠం కాదు. ఆప్షన్లలో 100, 300 రెండూ ఉన్నప్పుడు ఏ రూపం వాడామో చూసి, ధన విలువ ఇచ్చే అతి చిన్న n తీసుకోవాలి. 532ని నాలుగు రెట్ల 1.33తో భాగిస్తే రెండు రూపాల్లోనూ కనిష్ఠ మందం 100 నానోమీటర్లే.